దుబాయ్‌ల ఉన్నోనికి ‘రెసిడెంట్’ అని ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసు, ఊర్ల ఎఫ్‌డీ వడ్డీ మీద. ఏం జేయాలె?

పరకాల పోరడు · 2025 నవంబర్ 9, రాత్రి 10:42

అందరికి నమస్తే. నేను దుబాయ్‌ల ఏసీ టెక్నీషియన్‌ను. మాది పరకాల దగ్గర పల్లె. 2018 నవంబర్‌ల ఇక్కడికి వచ్చిన, అప్పటి నుంచి ఒకటే కంపెనీ. మొన్న పోస్టుమాన్ ఇంటికి స్పీడ్ పోస్టు తెచ్చిచ్చిండట. బాపు దాన్ని వడ్ల బస్తా మీద పెట్టి ఫోటో కొట్టి వాట్సాప్ చేసిండు. బొటనవేలు అడ్డం వచ్చి పై మూల కనబడతలేదు గని, మిగతాది చదివిన.

అసెస్‌మెంట్ ఇయర్ 2022-23, సెక్షన్ 148ఏ(1) అని ఉన్నది. నేను రిటర్న్ వేయలేదట. ఆ ఏడు 14,00,000 టైమ్ డిపాజిట్లు పెట్టిననట, 61,240 వడ్డీ వచ్చిందట. స్టేటస్ దగ్గర ‘రెసిడెంట్’ అని రాసుంది. నవంబర్ 24 లోపు జవాబు ఇయ్యాలట.

నేను 2022-23ల ఇంటికి ఒక్క నెలే పోయిన. ఏడేండ్ల సంది ఎడారిల ఉన్నోణ్ణి రెసిడెంట్ అని ఎట్ల అంటరు? అసలు నాకాడ 14 లక్షలు ఎక్కడియి? బాపు రాత్రి నిద్రపోతలేడు. ఎవరికన్నా తెలిస్తే జెర చెప్పుండ్రి.

కాజీపేట జంక్షన్ · నవంబర్ 9, రాత్రి 11:05

ఫేక్ ఉంటది తమ్మీ. ఈమధ్య ఇట్లాంటి మోసాలు మస్తుగున్నయ్. అయినా ఎన్నారైలకు బ్యాంకు వడ్డీ మీద ట్యాక్సే ఉండదు. చింపేసి పడుకో.

జగిత్యాల మల్లన్న · నవంబర్ 10, ఉదయం 6:20

చింపకు. నేను పన్నెండేండ్లు మస్కట్‌ల ఉండి వచ్చినోణ్ణి. మా వాడకట్టుల ఒకాయన గిట్లనే ఫేక్ అనుకొని ఊకున్నడు. తర్వాత వాళ్ళే లెక్కగట్టి డిమాండ్ పంపిన్రు. ఫేకో నిజమో ముందు తేల్చుకో. వడ్డీ మీద ట్యాక్స్ లేదన్నది బయటి సంపాదన పంపుకునే ఎన్‌ఆర్‌ఈ ఖాతాకే. నీది ఏ ఖాతానో చూడు, అందులనే అసలు కత ఉంటది.

పద్దుల పుస్తకం · నవంబర్ 10, ఉదయం 8:14

హన్మకొండలో సీఏ ప్రాక్టీసు చేస్తుంటాను, గల్ఫ్ కేసులు నెలకు రెండు మూడైనా వస్తాయి.

నోటీసు నిజమా కాదా తేల్చడం రెండు నిమిషాల పని. దానిమీద డిన్ అని పొడుగాటి నంబర్ ఉంటుంది, బహుశా మీ బాపు బొటనవేలి కిందే ఉంది. ఇన్‌కమ్ ట్యాక్స్ ఈ-ఫైలింగ్ సైట్ మొదటి పేజీలోనే `Authenticate Notice/Order Issued by ITD` అని కనిపిస్తుంది. అక్కడ ఆ నంబర్ కొడితే నిజమైనదైతే చెప్తుంది. లాగిన్ కూడా అక్కరలేదు.

తర్వాత నాకు నాలుగు సంగతులు చెప్పండి. ఊళ్ళో ఖాతా ఎప్పుడు తెరిచారు, దుబాయ్ వెళ్ళాక బ్యాంకుకు ఆ విషయం చెప్పారా? వడ్డీ మీద టీడీఎస్ కట్ అయిందా, లేక బాపు ఏటా ఏదైనా ఫారం ఇస్తున్నారా? ఈ-ఫైలింగ్ లాగిన్ మీ చేతిలో ఉందా? నాలుగోది అన్నిటికంటే ముఖ్యం: మీరు చెప్పిన ఒక్క నెల తప్పు ఏడాదిది. అసెస్‌మెంట్ ఇయర్ 2022-23 అంటే 2021 ఏప్రిల్ 1 నుంచి 2022 మార్చి 31 దాకా. ఆ పన్నెండు నెలల్లో ఇండియాలో ఎన్ని రోజులున్నారో పాస్‌పోర్టు ముందు పెట్టుకుని లెక్కపెట్టండి.

డాలస్‌లో హన్మకొండ · నవంబర్ 10, ఉదయం 9:31

బ్రదర్, ఇండియా వడ్డీని 1040లో షెడ్యూల్ బీలో చూపించావా? ఖాతాలన్నీ కలిపి ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ కూడా వేయాలి. నేను మూడేళ్ళు మర్చిపోయి తర్వాత తంటాలు పడ్డా.

జగిత్యాల మల్లన్న · నవంబర్ 10, ఉదయం 9:40

అన్నా, ఆయనున్నది దుబాయ్. నీ అమెరికా లెక్కలు ఆయనకెందుకు.

పరకాల పోరడు · నవంబర్ 10, రాత్రి 11:18

డ్యూటీ నుంచి ఇప్పుడే రూముకొచ్చిన. డిన్ కొట్టిన, నిజమైన నోటీసే అని వచ్చింది. చేతులు వణికినయ్.

పద్దుల పుస్తకం మేడం (మేడమా, సారా?), ఖాతా 2016ల డిగ్రీ అప్పుడు తెరిచిన, మామూలు సేవింగ్స్. దుబాయ్ పోయిన్నని బ్యాంకుకు ఎవ్వలం చెప్పలే, చెప్పాలనే తెల్వదు. ఎక్స్‌చేంజ్ నుంచి పైసలన్నీ అందులకే పంపిస్త. ఎఫ్‌డీలు బాపు చేపిస్తడు. టీడీఎస్ కట్ కాలే. ఏటా ఏప్రిల్‌ల బ్యాంకోళ్ళు టీడీఎస్ కొయ్యొద్దని 15జీ అని ఫారం ఇస్తే నా పేరు మీద బాపే సంతకం పెట్టి ఇస్తున్నడట.

లాగిన్ నాకాడ లేదు. పాన్‌కార్డు ఊర్ల నెట్ సెంటర్ల తీసుకున్న, అందుల నంబరు, మెయిలు ఆ నెట్ సెంటర్ ఆయనవే ఉన్నయట. ఆయన దుకాణం తీసేసి నాలుగేండ్లాయె.

ఇగ రోజుల సంగతి. పాస్‌పోర్టు తీసి చూస్తే గుండె గుబేల్‌మన్నది. అది కరోనా ఏడు! 2021 మార్చి 14న లీవు మీద ఇంటికొచ్చిన. ఏప్రిల్ 24 రాత్రి నుంచి ఇండియా విమానాలు బంద్ పెట్టిన్రు గద. ఇరుక్కపోయిన. ఆగస్టు 22న పోయిన. మళ్ళ 2022 ఫిబ్రవరిల మేడారం జాతరకు వచ్చిన, 8న దిగి 27న ఎల్లిపోయిన. అక్క కొడుకుకు ఎత్తు బంగారం మొక్కుండె.

లెక్కపెడితే 164 రోజులు వచ్చింది. నేను నిజంగనే రెసిడెంట్ అయిన్నా?

రైలుకట్ట రవి · నవంబర్ 11, ఉదయం 7:02

అయినట్టే. నేను గ్రూప్స్‌కు చదివేటప్పుడు చూశాను. ఆ ఏడాది 60 రోజులు దాటి, అంతకుముందు నాలుగేళ్ళలో 365 రోజులు ఇండియాలో ఉంటే రెసిడెంటే. నువ్వు 2018 నవంబర్ దాకా ఇక్కడే ఉన్నావు, ఒక్క 2017-18లోనే 365 అయిపోయాయి. ఈ ఏడు 164. రెండు షరతులూ సరిపోయాయి. దుబాయ్ జీతం మీద కూడా ట్యాక్స్ పడుతుంది. సారీ బ్రో.

కాజీపేట జంక్షన్ · నవంబర్ 11, ఉదయం 7:30

కరోనాల ఇరుక్కున్న రోజులు లెక్కలకు రావు. గవర్నమెంటు సర్క్యులర్ ఇచ్చింది, నేను పేపర్ల చదివిన.

పద్దుల పుస్తకం · నవంబర్ 11, ఉదయం 8:50

మేడమే.

రవి గారు చెప్పిన నియమం ఉంది, కానీ ఆయన సగం దగ్గరే పేజీ మూసేశారు. దాని కిందే వివరణ ఉంది. విదేశంలో ఉంటున్న భారత పౌరుడు ఇండియాకు చూసిపోవడానికి వస్తే, అతని విషయంలో ఆ 60 స్థానంలో 182 అని చదువుకోవాలి. లీవు మీద ఇంటికి రావడం చూసిపోవడమే. జాతరకు రావడం కూడా అంతే. 164 అంటే 182 కంటే తక్కువ, కాబట్టి మీరు ఆ ఏడాది నాన్ రెసిడెంటే. 2020-21 నుంచి మధ్యలో 120 రోజులని ఒక కొత్త మెలిక పెట్టారు. అది విదేశీ సంపాదన కాకుండా మిగతా ఆదాయం 15 లక్షలు దాటినవాళ్ళకే. మీకు ఇండియాలో ఉన్నది 61 వేల వడ్డీ, అది మీ జోలికి రాదు.

కాజీపేట గారు అన్న సర్క్యులర్ నిజమే, 2020 మే నెలలో ఇచ్చారు. కానీ అది 2019-20కి మాత్రమే, అంటే లాక్‌డౌన్ మొదలైన ఆ మార్చి ఆఖరి రోజుల కోసం. 2021లో ఇరుక్కున్న రోజులకు అలాంటి మినహాయింపు లేదు. అందుకని ఆ 144 రోజులు పూర్తిగా లెక్కలోకి వస్తాయి. జవాబులో ‘కరోనా వల్ల ఆగిపోయాను’ అని ఒక వాక్యం రాయండి, ఎక్కువ రోజులు ఎందుకున్నారో అర్థమవుతుంది. కానీ దానిమీద ఆధారపడొద్దు. ఆధారపడాల్సింది 164 అనే అంకె మీద, దాన్ని చూపించే స్టాంపుల మీద.

అసలు ఇందులో భయపడాల్సింది 61 వేల గురించి కాదు. ఆ ఏడాది ప్రాథమిక మినహాయింపు రెండున్నర లక్షలు. వడ్డీ ఒక్కటే అయితే రెసిడెంట్ అయినా కాకపోయినా రూపాయి పన్ను పడదు, రిటర్న్ వేయాల్సిన పని కూడా లేదు. ఎన్నారై వడ్డీకి పన్ను ఉండదని కాదు, మామూలు ఖాతా వడ్డీ ఇండియాలో పుట్టిన ఆదాయమే, లెక్కలోకి వస్తుంది. మీది మినహాయింపు లోపల ఉంది, అంతే. స్టేటస్ మారితే మాత్రం కథ మారుతుంది. సెప్టెంబర్ నుంచి మార్చి దాకా మీ జీతం ఎంత?

పరకాల పోరడు · నవంబర్ 11, మధ్యాహ్నం 2:10

ఓటీ కలిపి నెలకు 3,200 దిర్హాములు. ఊర్ల ఇరుక్కున్నన్ని రోజులు జీతం లేదు.

పద్దుల పుస్తకం · నవంబర్ 11, సాయంత్రం 6:33

ఏడు నెలలకు 22,400 దిర్హాములు, అప్పటి రేటుకు దాదాపు నాలుగున్నర లక్షలు. మీరు రెసిడెంట్ అయితే అదీ ఇక్కడి లెక్కలో కలుస్తుంది, మొత్తం ఐదు లక్షల పైకి పోతుంది, రిటర్న్ వేయకపోవడం నిజంగా తప్పవుతుంది. నాన్ రెసిడెంట్ అయితే ఆ జీతం ఊసే రాదు. 164కు 182కు మధ్య ఉన్న ఆ పద్దెనిమిది రోజులే మిమ్మల్ని కాపాడుతున్నాయి.

రెండో ప్రమాదం 14 లక్షలు. డబ్బు ఎక్కడిదో చెప్పలేకపోతే లెక్కలేని పెట్టుబడి కింద వేస్తారు. 60 శాతం పన్ను, పైన సర్‌చార్జీ, సెస్సు, మొత్తం 78 శాతం. అందుకని ఇప్పుడు ఆ 14 లక్షలు ఏ ఎఫ్‌డీలో తేల్చాలి. ఆ ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పించండి.

పాత మేనేజర్ · నవంబర్ 11, రాత్రి 8:05

ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేసి రిటైరయ్యాను, ఆఖరి ఆరేళ్ళు నర్సంపేట వైపు. బాబూ, మీ నాన్నగారు ఆ సంవత్సరం ఏదైనా ఎఫ్‌డీ గడువుకు ముందే తీసి మళ్ళీ వేశారేమో అడగండి. ఒక ఏడాదిలో ఒకరి పేరు మీద 10 లక్షలు, ఆపైన డిపాజిట్లు పడితే బ్యాంకు ఆదాయపు పన్ను వాళ్ళకు చెప్పాలి. గడువు తీరి రెన్యువల్ అయితే ఆ లెక్కలోకి రాదు. కానీ రద్దు చేసి, డబ్బు సేవింగ్స్‌లో పడి, అక్కడ్నుంచి కొత్త ఎఫ్‌డీ వేస్తే సిస్టమ్‌కు అది కొత్త డిపాజిట్టే. ఒకే డబ్బు మళ్ళీ పుట్టినట్టు కనిపిస్తుంది. మా కౌంటర్లో ఇట్లాంటివి ఎన్ని చేశామో, అప్పుడు ఇది ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆలోచించలేదు.

పరకాల పోరడు · నవంబర్ 13, రాత్రి 11:50

మేనేజర్ సార్, మీరు దేవుడు. బాపు ఇయ్యాల బ్యాంకుకు పోయి స్టేట్‌మెంట్ తెచ్చిండు. నెలనెలా వడ్డీ చేతికొస్తదని ఎవరో చెప్తే 2021 అక్టోబర్‌ల 8 లక్షల పాత ఎఫ్‌డీ తీసేసి అదే రోజు కొత్తది వేసిండు. ఆ 8 లక్షలు నేను 2019, 2020ల పంపినయి. గంటకే మళ్ళ వేసిన ఎఫ్‌డీ, అదీ కొత్త పైసలే అన్నట్టు రాసిన్రు!

మిగిలిన 6 లక్షలల్ల రెండున్నర మునుపటి సంది సేవింగ్స్‌ల ఉన్నయి. రెండు లక్షలు నేను ఆ సెప్టెంబర్ నుంచి ఎక్స్‌చేంజ్ ద్వారా పంపిన, స్టేట్‌మెంట్‌ల లైన్లు ఉన్నయి.

లక్షన్నర మాత్రం నగదు. 2021 నవంబర్ 17న బాపు కట్టిండు. నిజం చెప్తున్న. మా రూమ్మేట్ ఊరికి పోతుంటే అతని చేతికి ఇచ్చిన, అతను ఇక్కడ రూపాయలల్ల ఇచ్చిండు. రసీదు లేదు ఏం లేదు.

కాజీపేట జంక్షన్ · నవంబర్ 14, ఉదయం 6:55

నవంబర్ అంటే పత్తి సీజనే గద. ఎనుమాముల మార్కెట్ల పత్తి అమ్మిన పైసలని రాసెయ్. ఎవుసాయం మీద ట్యాక్స్ లేదు. తక్‌పట్టీ దొరకవట్టుకోవడం ఎంతసేపు.

పద్దుల పుస్తకం · నవంబర్ 14, ఉదయం 8:20

కాజీపేట గారూ, దయచేసి అట్లాంటి సలహా ఇవ్వకండి. నేను ఈ ఒక్క మాట మీదే చాలా కేసులు చెడిపోవడం చూశాను. పత్తి మీ బాపుది అయితే డబ్బు బాపుది, కొడుకు ఖాతాలోకి ఎందుకొచ్చిందని అడుగుతారు. అమ్మకం తారీఖు, బరువు, ఆ ఊళ్ళో ఎంత భూమి అని అడుగుతారు. ఒక్కటి కలవకపోతే మిగిలిన పన్నెండున్నర లక్షల నిజం కూడా అబద్ధంలా కనిపిస్తుంది.

పరకాల తమ్ముడూ, లక్షన్నర గురించి ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ రూమ్మేట్ ఇప్పుడు ఎక్కడున్నా, డబ్బు చేరవేశానని ఒక ఉత్తరం, అతను ఆ రోజుల్లో ఇండియాకు వచ్చినట్టు అతని పాస్‌పోర్టు పేజీ, మీరు దుబాయ్ బ్యాంకు నుంచి ఆ వారం తీసిన మొత్తం, ఈ మూడూ దొరికితే జత చేయండి. అధికారి ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను. విదేశీ మారకం చట్టం ఫెమా వైపు నుంచి కూడా ఆ దారి సరైనది కాదు, ఇకమీదట చేయకండి. కానీ 14లో లక్షన్నర మీద అనుమానం మిగలడం వేరు, 14 మొత్తం మీద మిగలడం వేరు.

15జీ సంగతి కూడా ఇప్పుడే చెప్తాను. ఆ ఫారం రెసిడెంట్లకే. ‘నేను రెసిడెంటును’ అని దానిలోనే రాసి ఉంటుంది. మీ బాపు ఏటా పెట్టిన సంతకమే మిమ్మల్ని రెసిడెంట్ చేసింది, దానికి పాన్‌లో పాత స్టేటస్ తోడైంది. ఇక ఆ ఫారం ముట్టుకోవద్దు.

రైలుకట్ట రవి · నవంబర్ 14, ఉదయం 10:12

మేడం, నా పొరపాటు ఒప్పుకుంటున్నా. ఒక సందేహం. దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయా? ఫిబ్రవరి 8న రాత్రి పదకొండింటికి దిగితే అది ఇండియాలో ఒక రోజేనా?

పద్దుల పుస్తకం · నవంబర్ 14, మధ్యాహ్నం 1:40

ఇక్కడ అందరిదీ ఒకే మాట కాదు. దిగిన రోజును తీసేసిన ట్రిబ్యునల్ తీర్పులు ఉన్నాయి. డిపార్ట్‌మెంటు మాత్రం రెండూ కలుపుతుంది. నేనెప్పుడూ రెండూ కలిపే లెక్క వేస్తాను. తమ్ముడి 164 అట్లా వచ్చిందే. 181, 183 దగ్గర ఉన్నవాళ్ళే ఆ వాదనకు దిగాలి. మీకు టికెట్ బుక్ చేసేటప్పుడే 170 దాటకుండా చూసుకోమని చెప్తాను, ఫ్లయిటు రద్దయితే చేతిలో కొన్ని రోజులు ఉండాలి.

జగిత్యాల మల్లన్న · నవంబర్ 14, రాత్రి 9:15

స్టాంపుల సంగతి ఒకటి. దుబాయ్‌ల స్మార్ట్ గేటు నుంచి పోతే స్టాంపు పడదు. పాస్‌పోర్టుల మనోళ్ళు శంషాబాద్‌ల కొట్టిందే ఉంటది. అది మసకగుంటే దుబాయ్ ఇమ్మిగ్రేషన్ నుంచి రాకపోకల రిపోర్టు తీసుకో, దాంట్ల తారీఖులు అచ్చుల వస్తయి.

పరకాల పోరడు · నవంబర్ 16, రాత్రి 12:30

నిజమే అన్నా, ఆగస్టు 22 స్టాంపు సగమే పడ్డది, 22 లెక్కనే ఉన్నది గని 27 అన్నా అనొచ్చు. రిపోర్టుకు పెట్టిన.

లాగిన్ దొరికింది! ఆధార్‌కు ఉన్న నంబర్ బాపు ఫోన్‌దే, ఓటీపీ ఆయనకు వచ్చింది. వీడియో కాల్‌ల ఒక్కొక్క అంకె చదివి చెప్పిండు. మూడుసార్లు టైం అయిపోయింది, నాలుగోసారికి పాస్‌వర్డ్ మారింది. `Pending Actions` ల `e-Proceedings` అని ఉంది, అందుల నోటీసు ఉన్నది. ప్రొఫైల్‌ల `Residential Status` దగ్గర Resident అని ఉన్నది. దాన్ని ఇప్పుడే మార్చెయ్యాల్నా?

పద్దుల పుస్తకం · నవంబర్ 16, ఉదయం 8:45

మార్చండి, నంబర్, మెయిల్ కూడా మీవి పెట్టండి. కానీ ఇవాళ మార్చినంత మాత్రాన 2021-22 స్టేటస్ రుజువైనట్టు కాదు. అది ఇవాళ్టిది. ఆ ఏడాది స్టేటస్ రోజుల లెక్కతోనే తేలుతుంది.

జవాబు రెండు పేజీలు దాటొద్దు. మొదట రోజుల పట్టిక: వచ్చిన తారీఖు, పోయిన తారీఖు, రోజులు, 144, 20, మొత్తం 164. దాని కింద ‘విదేశంలో ఉద్యోగం చేస్తున్న భారత పౌరుణ్ణి, చూసిపోవడానికి వచ్చాను’ అని. తర్వాత 14 లక్షలు: ఎనిమిది పాతది తీసి వేసినది, రెండున్నర పాత నిల్వ, రెండు కొత్తగా పంపినది, లక్షన్నర మనిషి ద్వారా వచ్చినది. ప్రతి మొత్తం పక్కన స్టేట్‌మెంట్‌లో ఏ పేజీ ఏ లైనో రాయండి. చివర వడ్డీ 61,240, మినహాయింపు లోపల ఉంది కనుక పన్ను లేదు అని. పాస్‌పోర్టు ఖాళీ పేజీలతో సహా మొత్తం స్కాన్ చేయండి. ఖాళీ పేజీలు ఎందుకంటే, మరో స్టాంపు దాచలేదని తెలియడానికి.

నాన్ రెసిడెంట్ల పాన్‌లు హైదరాబాద్‌లో ఇంటర్నేషనల్ ట్యాక్సేషన్ కిందికి వెళ్తాయి, మీది ఇంకా ఊరి వార్డులోనే ఉంది. ఆ అభ్యంతరం కూడా ఒక వాక్యంలో పెట్టండి. దానితోనే గెలుద్దామని మాత్రం అనుకోకండి.

పరకాల పోరడు · నవంబర్ 22, రాత్రి 11:02

పెట్టేసిన. రూమ్మేట్ ఇప్పుడు ఖతర్‌ల ఉన్నడు, ఉత్తరం రాసిచ్చిండు, పాస్‌పోర్టు పేజీ కూడా. నా దుబాయ్ ఖాతాల ఆ వారం 7,400 దిర్హాములు తీసినట్టు ఉన్నది. లక్షన్నరకు దగ్గర్నే ఉన్నది. స్కాన్‌లు పెద్దగై అప్‌లోడ్ కాలే, క్యాంపుల ఒక కేరళ అన్న చిన్నగ చేసి ఇచ్చిండు.

పాత మేనేజర్ · నవంబర్ 23, ఉదయం 7:00

బాగుంది. ఈ లోపల ఖాతాను ఎన్నారైలు ఇక్కడి డబ్బుకు వాడే ఎన్‌ఆర్‌ఓగా మార్పించు బాబూ. ఉద్యోగానికి దేశం దాటిన రోజు నుంచే మామూలు సేవింగ్స్ నడపకూడదు. ఆలస్యమైందని బ్యాంకు ఏమీ అనదు, ఫారం తీసుకుని మారుస్తారు. ఇక ముందు పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ తెరువు, దాని వడ్డీకి పన్ను లేదు.

పద్దుల పుస్తకం · నవంబర్ 23, ఉదయం 9:18

బ్యాంకు ఏమీ అనకపోవచ్చు సార్, కానీ ఏడేళ్ళు మార్చకపోవడం ఫెమా కింద ఉల్లంఘనే. ఇంత చిన్న మొత్తాలకు ఎవరైనా వెంటపడ్డారా అంటే నేను చూడలేదు. అంతమాత్రాన లేదని చెప్పలేను.

పాత మేనేజర్ · నవంబర్ 23, ఉదయం 9:50

ముప్పై నాలుగేళ్ళలో నేనూ చూడలేదు తల్లీ. కానీ మీ మాట మీది.

పరకాల పోరడు · 2026 ఫిబ్రవరి 6, రాత్రి 9:27

శానా రోజులాయె, చెప్పాల్సినయి ఉన్నయి.

డిసెంబర్ ఆఖర్ల ఆర్డర్ వచ్చింది. 148ఏ(3) కింద, ‘148 నోటీసు ఇయ్యతగిన కేసు కాదు’ అని. రోజుల పట్టిక అట్లనే ఎత్తి రాసుకున్నరు, 164 అని ఉన్నది. 8 లక్షలు పాత ఎఫ్‌డీ అని ఒప్పుకున్నరు. లక్షన్నర గురించి ‘వివరణ గమనించబడినది’ అని ఒక్క ముక్కనే. దానికి అర్థమేందో మేడం చెప్పాలె.

జనవరి ఆఖర్ల జాతరకు వచ్చిన. ఈసారి పోయేముందు రోజులు లెక్కబెట్టుకున్న. అమ్మల గద్దెల కాడికి పోయి వచ్చినంక తెల్లారి బ్యాంకుకు పోయిన. ఖాతా ఎన్‌ఆర్‌ఓ చేసిన్రు, ఎన్‌ఆర్‌ఈ కొత్తది తెరిచిన్రు. పాస్‌పోర్టు, వీసా, ఎమిరేట్స్ ఐడీ చూపించిన. దుబాయ్ నుంచి చేస్తే అటెస్టేషన్ అని తిప్పేటోళ్ళు, ఎదురుంగ పోతే గంటల అయింది.

గని కొత్త లొల్లి. ఎన్‌ఆర్‌ఓ అయినంక వచ్చిన మొదటి వడ్డీ 24,500ల 7,644 కట్ చేసిన్రు. బాపు కౌంటర్ కాడ్నే మొదలుపెట్టిండు: ‘పన్ను లేదని వాళ్ళే కాయితం రాసిచ్చిన్రు, మళ్ళ కోస్తున్నరేంది, 15జీ ఇస్త తేవోయ్’ అని. నేను చెయ్యి పట్టి బయటికి తీసుకొచ్చిన.

పద్దుల పుస్తకం · ఫిబ్రవరి 7, ఉదయం 8:31

మంచి వార్త. ‘గమనించబడినది’ అంటే ఈ ఏడాదికి దాన్ని పట్టుకుని ముందుకు పోలేదని, అంతే. పూర్తిగా ఒప్పుకున్నారని నేను చదవను. ఆ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి దాచండి, రూమ్మేట్ ఉత్తరం అసలు ప్రతితో సహా.

కోత సరైనదే. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద మొదటి రూపాయి నుంచి 31.2 శాతం పట్టుకుంటారు, దానికి 40 వేలు, 50 వేలు అన్న హద్దు లేదు. యూఏఈతో ఒప్పందం ప్రకారం 12.5 శాతానికి తగ్గించుకోవచ్చు, కానీ దానికి అక్కడి ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ తీయాలి. మీ వడ్డీకి ఆ ఖర్చూ తిరుగుడూ దండగ. ఈ ఏడు మీ మొత్తం వడ్డీ నాలుగు లక్షల మినహాయింపుకు చాలా లోపల ఉంటుంది. ఏప్రిల్ తర్వాత ఐటీఆర్-2 వేస్తే కోసిందంతా తిరిగి వస్తుంది. ఐటీఆర్-1 వేయకండి, అది నాన్ రెసిడెంట్లకు కాదు, తెలియక నెట్ సెంటర్లో అదే వేసి మళ్ళీ రెసిడెంట్ అయిపోతారు. రీఫండు పడాల్సిన ఖాతాను ముందే సైట్లో సరిచూసుకోండి, ఎన్‌ఆర్‌ఓ అయ్యాక పాత వివరాలు పనిచేయకపోవచ్చు.

జగిత్యాల మల్లన్న · ఫిబ్రవరి 7, ఉదయం 10:05

తమ్మీ, బాపు చేతికి ఆ 15జీ ఫారాలు దొరక్కుంట చూడు. ఏప్రిల్ ఒకటిన బ్యాంకోడే పిలిచి ఇస్తడు.

పరకాల పోరడు · ఫిబ్రవరి 7, రాత్రి 11:40

ఇంట్ల బీరువల తొమ్మిది ఖాళీ ఫారాలు దొరికినయ్ అన్నా. ముందుగాల్నే తెచ్చి పెట్టుకున్నడట. పొయ్యిల వేసిన. బాపు చూసి, ‘ఉత్తగ ఇచ్చినయి గద, దాచుకుంటే ఏం పోయె’ అంటుండు.